చావు నాటి కొలత

హోసూరు రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర ఏళ్ళ తరబడి దస్తావేజులు రాసి మానేసిన మేనమామ ఒకవైపు. అదే ఊరి కోర్టులో సివిల్ దావాలు చూసే మేనకోడలు ఇంకోవైపు. తగువు వీళ్ళది కాదు, జూజువాడిలో ఒక ఇంటిది. పేర్లు మనకు అక్కరలేదు, ఆ ఇల్లు ఇలాంటిదని అనుకుంటే చాలు. తండ్రి 1996లో వీలునామా రాయకుండా పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు మిగిలారు. కూతురికి 1984లోనే పెళ్ళయింది. పిత్రార్జితమని అందరూ చెప్పుకునే భూమి 6 ఎకరాలు. పారిఖత్తు రాసుకోలేదు, పట్టా ఉమ్మడిలోనే ఉంది. ఒకప్పుడు రాగులు పండిన నేలే. బెంగళూరు పెరిగి పెరిగి అత్తిబెలె దాటి వచ్చాక ఇప్పుడు సెంటు లెక్కన బేరాలు నడుస్తున్నాయి. కూతురు భాగం అడిగింది.

మామ: అడగడంలో తప్పేముంది, ఇవ్వాల్సింది ఇవ్వమనే నేనూ చెప్పాను. కానీ ఎంత? 50 సెంట్లు. ఒక్క సెంటు కూడా ఎక్కువ లేదు. ఆ లెక్క 1996లో, తండ్రి కన్నుమూసిన రోజే తేలిపోయింది.

మేనకోడలు: ఎలా తేలిందో చెప్పు మామా. నీ లెక్క తప్పని నేను ముందే అనను.

మామ: 1956 హిందూ వారసత్వ చట్టం ఆరో సెక్షన్. ఉమ్మడి కుటుంబంలో మగవాడు పోతే అతని భాగం మిగిలిన మగవాళ్ళలో కలిసిపోతుంది. పాత పద్ధతి అదే, చట్టం కూడా మొదట అదే చెప్పింది. దానికింద ఒక మినహాయింపు పెట్టింది. పోయినవాడికి భార్య, తల్లి, కూతురు లాంటి దగ్గరి ఆడ వారసులు ఉంటే అతని భాగం అలా కలిసిపోకూడదు, వారసులందరికీ వెళ్ళాలి అంది. ఇక్కడే చిక్కు వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో బతికున్నవాడి భాగం ఇంత అని చెప్పలేం. కొడుకు పుడితే తగ్గుతుంది, అన్నదమ్ముడు పోతే పెరుగుతుంది. ఇంత అని తేలని దాన్ని వారసులకు ఎలా పంచుతావు? అందుకని చట్టం ఒక ఊహ చెయ్యమంది. చావుకు ముందు క్షణంలో పంపకం జరిగినట్టు అనుకో. ఆ పంపకంలో అతని చేతికి ఎంత వచ్చేదో అదే అతని భాగం. పంపకం అడిగే హక్కు అతనికి ఉందా లేదా అన్నది కూడా చూడక్కరలేదంది.

మేనకోడలు: ఊహా విభజన. సరే, వెయ్యి లెక్క.

మామ: ఆ క్షణంలో పంపకానికి కూర్చుంటే కూర్చునేది ఎవరు? తండ్రి, ఇద్దరు కొడుకులు. ముగ్గురికీ తలా 2 ఎకరాలు. తండ్రి 2 ఎకరాలకు వారసులు నలుగురు, భార్య, ఇద్దరు కొడుకులు, కూతురు. తలా 50 సెంట్లు. కొడుకులకు తమ 2 ఎకరాలమీద ఈ 50 సెంట్లు కలిసి తలా రెండున్నర ఎకరాలు. తల్లికి 50, కూతురికి 50. ఆరెకరాలూ సరిపోయాయి.

ఈ రెండు మెట్లు వేరువేరుగా చూడటం పెద్దాయనకు బాగా అలవాటు. ఇళ్ళలో తగువులన్నీ ఇక్కడే మొదలవుతాయి. మొదటి మెట్టులో కూర్చునేది పుట్టుకతో భాగమున్నవాళ్ళు, అంటే కోపార్సనర్లు. రెండో మెట్టులో వచ్చేది వారసులు. కొడుకు రెండు చోట్లా ఉంటాడు. ఆ రోజుల్లో కూతురు రెండో చోట మాత్రమే ఉండేది. మొత్తం 6 ఎకరాలనూ నలుగురికీ సమానంగా పంచాలని కూతురి తరఫు మధ్యవర్తి ఒకాయన పట్టుబట్టాడంటే, ఆయనకు కనిపించింది రెండో మెట్టే. కూతురికి ఏమీ లేదన్న కొడుకు చూసింది మొదటి మెట్టే.

మేనకోడలు: భార్యను మొదటి మెట్టులో ఎందుకు కూర్చోబెట్టలేదు?

మామ: మన పక్క ఆ ఆచారం లేదు కాబట్టి. తండ్రీకొడుకులు పంచుకుంటే తల్లికి భాగం ఇచ్చే పద్ధతి మద్రాసు వైపు ఎప్పుడో పోయింది. ఆమెకు పోషణ ఉంటుంది, భాగం ఉండదు. బొంబాయి వైపు ఉంది, కొడుకుతో సమానంగా.

మేనకోడలు: ఆ తేడా వల్ల ఎంత మారుతుందో గురుపాద్ కేసులో చూడొచ్చు. మహారాష్ట్రలో ఖండప్ప అనే ఆయన 1960 జూన్ 27న పోయాడు. భార్య హీరాబాయి, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. ఆమె తన భాగం కోసం దావా వేస్తే కింది కోర్టు 24లో 1 వంతు ఇచ్చింది. అంటే భర్త భాగంలో వారసురాలిగా వచ్చిందే ఇచ్చింది. ఊహా విభజన భర్త భాగం కొలవడానికే, అందులో భార్యకు నిజంగా భాగం పుట్టదు అని కింది కోర్టు ఉద్దేశం. హైకోర్టు కాదంది. 1978లో సుప్రీంకోర్టు, జస్టిస్ చంద్రచూడ్, హైకోర్టు మాటే ఖాయం చేశారు. భర్తకు నాలుగో వంతు వస్తుందని నువ్వు చెప్పగలిగావంటే, ఆ లెక్కలో భార్యకు కూడా నాలుగో వంతు వేశావు కాబట్టే. ఆయన భాగం తేల్చడానికి ఆమె భాగం వేసి, తేల్చాక అది లేదనడం కుదరదు. అందుకని ఆ నాలుగో వంతు, దాని మీద 24లో 1 వంతు, మొత్తం 24లో 7 వంతులు ఆమెకు వచ్చాయి.

మామ: అదే కుటుంబం జూజువాడిలో ఉండి ఉంటే?

మేనకోడలు: అప్పటికి హోసూరు సేలం జిల్లాలో ఉంది, మద్రాసు పద్ధతే నడుస్తుంది. తండ్రి, ఇద్దరు కొడుకులకు తలా మూడో వంతు. తండ్రి మూడో వంతుకు వారసులు ఆరుగురు. తల్లికి 18లో 1 వంతు. హీరాబాయికి వచ్చినదానిలో అయిదో వంతు కూడా కాదు. చట్టం ఒకటే, సెక్షన్ ఒకటే.

మామ: చూశావా, గురుపాద్ కేసు నువ్వే తెచ్చావు. అది నా మాటే చెబుతోంది. ఊహ ఒకసారి చేశాక వెనక్కి తిరగడానికి లేదంది సుప్రీంకోర్టు. 1996లో పంపకం జరిగినట్టు అనుకోమంది చట్టం. అనుకున్నాం. కొడుకులకు రెండేసి ఎకరాలు పడ్డాయి. తొమ్మిదేళ్ళు గడిచాక, 2005లో కొత్త చట్టం వచ్చి కూతురు కూడా కోపార్సనర్ అంది. ఎందులో కోపార్సనర్? జరిగిపోయిన పంపకంలోనా?

మేనకోడలు: జరిగిపోయిందని నువ్వంటున్నావు. ధాన్యం తూకం వేసినంత మాత్రాన అమ్మేసినట్టు కాదు మామా. చట్టం చెప్పింది తూకం వెయ్యమనే. పోయినవాడి భాగం ఎంతో తెలియాలి, ఆ మేరకే ఊహ. కొడుకులిద్దరూ ఆ మర్నాడు వేరు కాపురాలు పెట్టారా? పొలం గట్టు వేసుకున్నారా? పట్టా ఇప్పటికీ ఉమ్మడే కదా.

మామ: కాపురాల సంగతి వేరు, భాగాల సంగతి వేరు.

మేనకోడలు: ఆ రెండూ కలిపే 1985లో నారాయణరావు దేశ్‌ముఖ్ కేసు చూసింది. అది భూపరిమితి కేసు. ఇంటిపెద్ద పోయాక ఊహా విభజన వల్ల ఇంటి ఆడవాళ్ళు ఉమ్మడి నుంచి వేరైపోయారు, కాబట్టి వాళ్ళ భూమిని విడిగా లెక్కకట్టండి అన్నారు ఆ కుటుంబంవాళ్ళు. వాళ్ళు చూపింది కూడా గురుపాద్ తీర్పునే. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వారసత్వంగా వచ్చిన భాగం ఆమెదే, కానీ తానుగా వేరుపడతానని చెప్పనంత వరకు ఆమె కుటుంబంలోనే ఉన్నట్టు అంది. అంటే వాటా ఎంతో చావు నాడు తేలుతుంది, ఉమ్మడి మాత్రం చావుతో విడిపోదు.

మామ: అది ఆడవాళ్ళ సంగతి, అది కూడా భూపరిమితి కోసం. 2005 చట్టం చేసిన వాళ్ళే పాత లెక్కలు తిరగదోడవద్దనుకున్నారు కదా. 2015లో ఫూలవతి కేసులో సుప్రీంకోర్టే, చట్టం వచ్చిన నాటికి తండ్రి, కూతురు ఇద్దరూ బతికి ఉండాలంది. మన తమిళనాడు సంగతి ఇంకా స్పష్టం. 1989 మార్చి 25 నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర సవరణ కూతుళ్ళను కోపార్సనర్లను చేసింది గానీ, ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళను వదిలేసింది. ఈ అమ్మాయి పెళ్ళి 1984లో. రాష్ట్ర చట్టమూ లేదు, కేంద్ర చట్టమూ లేదు.

మేనకోడలు: నువ్వు 2018 దాకా ఈ మాట అంటే నేను తల వంచుకునేదాన్ని. అప్పటికి మంగమ్మాళ్ కేసు కూడా నీ వైపే ఉంది, అదీ తమిళనాడుదే. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ తీర్పుతో ఇవన్నీ పోయాయి. ముగ్గురు జడ్జీల బెంచి. ఫూలవతినీ మంగమ్మాళ్‌నూ రెంటినీ కొట్టేసింది. కూతురికి హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికుండక్కరలేదంది. కూతురు ఉంటే చాలు. పెళ్ళి తేదీ ప్రసక్తే లేదు. ఇప్పుడు నీ మాటకే జవాబు చెబుతాను. పాత ఆరో సెక్షన్‌లోని ఊహా విభజన నిజమైన పంపకం కాదు, కోపార్సనరీని విడగొట్టదు, పోయినవాడి భాగం తేల్చడానికే అంది. కింద ప్రాథమిక డిక్రీ పడి ఉన్నా, తుది డిక్రీ కాలేదంటే కూతురికి కొడుకుతో సమానంగా ఇవ్వాలంది.

మామ: డిక్రీ పడ్డాక కూడానా?

మేనకోడలు: ఆ సంగతి అంతకు ముందే మన ఆంధ్ర కేసులో తేలింది. గండూరి కోటేశ్వరమ్మ కేసు, 2011. అందులో 1999లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. తుది డిక్రీ కాకముందే 2005 చట్టం వచ్చింది. భూమి గట్లు పెట్టి విడదీసేదాకా దావా ముగిసినట్టు కాదు కాబట్టి ప్రాథమిక డిక్రీని మార్చుకోవచ్చంది సుప్రీంకోర్టు. ఇక్కడ అసలు డిక్రీయే లేదు, దస్తావేజు కూడా లేదు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకమో, కోర్టు డిక్రీతో అయిన పంపకమో ఉంటే కూతురు కదిలించలేదు. నోటిమాట పంపకం జరిగిందని అన్నదమ్ములు ఇప్పుడు చెబితే చాలదు. ప్రభుత్వ రికార్డులు దాన్ని గట్టిగా నిలబెట్టాలి.

ఇక్కడ పెద్దాయన కాసేపు పలకలేదు. ఆయన రాసిన పారిఖత్తులు ఎన్నో ఆ తేదీకి ముందువే, అవి నిలబడతాయి. ఆయన బాధ రాయించుకోని ఇళ్ళ గురించి. నిజానికి పల్లెల్లో ఖర్చుకు జంకి రాయించుకోని పంపకాలే ఎక్కువ, తీర్పు బరువు వాటిమీదే పడింది.

మామ: సరే, కూతురిని మొదటి మెట్టులో కూర్చోబెడదాం. లెక్క నువ్వే వెయ్యి.

మేనకోడలు: తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు. నలుగురు. తలా ఎకరన్నర. తండ్రి ఎకరన్నరకు వారసులు మళ్ళీ నలుగురే, తల్లితో కలిపి. తలా 37.5 సెంట్లు. పిల్లలు ముగ్గురికీ తలా 1 ఎకరం 87.5 సెంట్లు. తల్లికి 37.5 సెంట్లు.

మామ: ఆగు. తల్లికి 50 ఉండేది కదా?

మేనకోడలు: ఉండేది.

మామ: మరి 12.5 సెంట్లు ఏమయ్యాయి? కూతురికి హక్కు వచ్చిందని తల్లి భాగం కోస్తారా? బొంబాయిలో అయితే ఆమె మొదటి మెట్టులోనే ఉంటుంది కాబట్టి, తగ్గినా చేతిలో పెద్ద భాగమే మిగులుతుంది. ఇక్కడ ఆమె ఉన్నదే రెండో మెట్టులో. మొదటి మెట్టులో కొత్త మనిషి వచ్చి కూర్చుంటే తండ్రి భాగం చిన్నదవుతుంది, దాంట్లోంచి వచ్చే తల్లి భాగమూ చిన్నదవుతుంది. ఆడవాళ్ళకు న్యాయమని చేసిన లెక్కలో తగ్గేది ముసలి ఆడమనిషికేనా?

మేనకోడలు: కొడుకులకు ఇంకా చాలా తగ్గింది మామా.

మామ: వాళ్ళను వదిలెయ్యి, నేనడిగింది తల్లి గురించి. 1996లో భర్త పోయిన క్షణంలో ఆమెకు 50 సెంట్లు సంక్రమించింది. పద్నాలుగో సెక్షన్ ప్రకారం అది ఆమె సొంతం, సర్వహక్కులతో. 2005లో వచ్చిన చట్టం ఆమె సొంతాన్ని ఎలా తీసుకుంటుంది? ఊహా విభజన తూకమే అన్నావు. తూచి ఆమె చేతికి ఇచ్చేసిన దాని సంగతేమిటి?

మేనకోడలు: ఇక్కడ నీ వాదనకు బలముంది. వినీతా శర్మ తీర్పు సూత్రం చెప్పి ఊరుకుంది, ఏ కుటుంబానికీ ఎవరికెంత అని లెక్క వేసి చూపలేదు. మామూలుగా దావాల్లో నేను చెప్పిన మొదటి పద్ధతే అడుగుతాం, కూతురిని కొడుకులా కూర్చోబెట్టి మొదటినుంచి లెక్క. కానీ తల్లి తరఫున నేను నిలబడితే ఇంకో పద్ధతిలో వాదిస్తాను. తండ్రి 2 ఎకరాలు 1996లోనే వారసులకు వెళ్ళిపోయాయి, తలా 50 సెంట్లు, అది కదలదు. ఉమ్మడిలో మిగిలింది కొడుకుల 4 ఎకరాలు. 2005లో కూతురు ఆ నాలుగెకరాల్లో మూడో మనిషిగా చేరుతుంది. తలా 1 ఎకరం 33 సెంట్ల పైచిలుకు. దానికి 50 కలిపితే పిల్లలకు తలా 1 ఎకరం 83 సెంట్ల పైచిలుకు. తల్లి 50 సెంట్లు అలాగే ఉంటాయి.

మామ: కూతురికి రెండు లెక్కలకూ తేడా ఎంత?

మేనకోడలు: నాలుగు సెంట్ల చిల్లర. పిల్లలు ముగ్గురూ రెండు లెక్కల్లోనూ సమానమే. తల్లికి మాత్రం 12.5 సెంట్ల తేడా. జూజువాడిలో 12.5 సెంట్లంటే ఒక ఇల్లు కట్టుకోవచ్చు.

మామ: అయితే చావు నాటి కొలతకు విలువ లేదని నువ్వు అనడం లేదు.

మేనకోడలు: ఎప్పుడూ అనలేదు. వారసులకు ఏం వెళ్ళిందో ఆ కొలతే చెబుతుంది. మిగిలిన ఉమ్మడిని అది ముక్కలు చెయ్యదు అన్నానంతే. ఇంకో ఉదాహరణ చెప్తాను. ఈ ఆరెకరాలు కాక ఇంకో ఎకరం ఉండేదట కదా, అన్నదమ్ములు 1999లో అమ్మేశారు.

మామ: ఆ దస్తావేజు నా చేత్తోనే రాశాను. 2004కు ముందు అమ్మకం. కదిలించలేరు.

మేనకోడలు: కోపార్సనర్‌గా ఆమె కదిలించలేదు, నిజమే. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలకు చట్టమే రక్షణ ఇచ్చింది. కానీ ఆ ఎకరంలో కూడా తండ్రి మూడో వంతు 1996లో నలుగురికి వెళ్ళింది. అందులో నాలుగో వంతు ఆమెది. అంటే 12లో 1 వంతు, 8 సెంట్ల పైన. అది 2005 చట్టం ఇచ్చింది కాదు, 1956 చట్టం చావు నాడే ఇచ్చింది. ఆమె సంతకం, తల్లి సంతకం ఆ దస్తావేజులో ఉన్నాయా?

మామ: ...కొడుకులిద్దరే పెట్టారు.

మేనకోడలు: అయితే ఆ ఎకరంలో అన్నదమ్ములు అమ్మగలిగింది తమ భాగాలే. కాలపరిమితి దాటిందా లేదా అన్నది వేరే చూడాలి. మాట మాత్రం అది. కొత్త చట్టం కాపాడిన అమ్మకానికి కూడా పాత చట్టంలోని కొలత అడ్డొస్తుంది.

మామ: అప్పట్లో ఎవరూ ఆడపిల్లల సంతకం అడిగేవాళ్ళు కాదు. పట్టాలో పేరుంటే చాలనుకునేవాళ్ళం.

మేనకోడలు: పట్టా పన్ను ఎవరు కట్టాలో చెబుతుంది గానీ, ఎవరిదో తేల్చదు. సరే, ఇంతసేపూ ఒక ప్రశ్న వదిలేసి లెక్కలు వేశాం. ఇది పిత్రార్జితమని ఎవరు చెప్పారు?

మామ: ఊరంతా చెబుతుంది. వాళ్ళ తాత నుంచి వచ్చిన భూమి.

మేనకోడలు: తాతకు ఎక్కడ నుంచి వచ్చింది?

మామ: కొన్నాడని విన్నాను. కష్టపడి కొనుక్కున్నాడు.

మేనకోడలు: ఎప్పుడు పోయాడు?

మామ: నేను బడికి పోయే రోజుల్లో. 1963 ప్రాంతం.

మేనకోడలు: తాత తన డబ్బుతో కొని, వీలునామా లేకుండా 1956 జూన్ తర్వాత పోయాడంటే ఆ భూమి ఎనిమిదో సెక్షన్ ప్రకారం కొడుక్కి వచ్చినట్టు. అలా వచ్చింది అతని సొంతం. అతని కొడుకులకు పుట్టుకతో అందులో భాగం పుట్టదు. 1986లో చందర్ సేన్ కేసు చెప్పింది అదే. కోపార్సనరీయే లేనప్పుడు ఊహా విభజన దేనికి? మొదటి మెట్టు తీసెయ్యాలి. తండ్రి భూమి మొత్తం నేరుగా రెండో మెట్టుకు వెళ్తుంది.

మామ: తాతకు ఈ ఒక్క కొడుకేనా? కూతుళ్ళు, భార్య?

మేనకోడలు: అదీ కనుక్కోవాలి. కొడుకు ఒక్కడే మిగిలాడనుకుంటే, 6 ఎకరాలూ 1996లో నలుగురు వారసులకు సమానంగా వెళ్ళినట్టు. తలా ఎకరన్నర.

మామ: అంటే తల్లికి...

మేనకోడలు: ఎకరన్నర. 37.5 సెంట్లూ కాదు, 50 సెంట్లూ కాదు. కూతురికి మాత్రం మన రెండు లెక్కలకంటే తగ్గుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె పిత్రార్జితమనే అంది. కొడుకులూ అదే అన్నారు. వాళ్ళందరికీ అదే లాభం కాబట్టి.

మామ: తల్లిని ఎవరూ అడగలేదన్నమాట. తాత కొన్న దస్తావేజు హోసూరు ఆఫీసులోనే ఉండాలి. ఏ ఏడాదో తెలిస్తే పుస్తకంలో తీయించడం పెద్ద పని కాదు.

మేనకోడలు: ఈసీ ఎంత వెనక్కి దొరికితే అంత వెనక్కి తీయించు మామా. తాత కొన్న డబ్బు ఆయన సొంతమో, వాళ్ళ నాయన భూమి అమ్మిన డబ్బో కూడా ఆ దస్తావేజులోనే రాసి ఉండొచ్చు. వాళ్ళ నాయన భూమి డబ్బయితే మళ్ళీ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి.